గృహప్రవేశం ముహూర్తం మారింది, బంధువులకి మెసేజ్ ఎలా పెట్టాలి?

ప్రశ్న: "గృహప్రవేశం శుక్రవారం ఉదయం 9:40కి అని అందరికీ కార్డు పంపేశాం. ఇప్పుడు సిద్ధాంతి గారు తెల్లవారుజామున 3:52కి మార్చారు. పెద్దవాళ్ళు నొచ్చుకోకుండా, ఎవరూ కన్ఫ్యూజ్ అవ్వకుండా మెసేజ్ ఎలా రాయాలి?"

ఇలాంటిదే మా ఇంట్లో కూడా జరిగింది, అందుకే చెప్తున్నా. మీ కేసులో అసలు చిక్కు టైమ్ మారడం కాదు, ఆ టైమ్ అర్ధరాత్రి దాటాక రావడం. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, ఫోన్లో తేదీ రాత్రి 12కే మారిపోతుంది, అందుకని 3:52 అంటే పురోహితుడి లెక్కలో ఇంకా గురువారం రాత్రే, ఫోన్ చూసుకునే పిల్లలకేమో శుక్రవారం. కార్డుల్లో "గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం" అని వేసేది దీనికోసమే. మీరు ఉత్త "శుక్రవారం 3:52 గం.లకు" అని పెడితే కొందరు మధ్యాహ్నం అనుకుంటారు, "శుక్రవారం రాత్రి" అని ఎవరైనా నోటిమాటగా అన్నారంటే ఇంకొకళ్ళు శుక్రవారం పడుకునే వేళకి వస్తారు, అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది.

అందుకే ముహూర్తంతో పాటు ఎప్పటికి ఇంటికి చేరాలో కూడా రాసేయండి, ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు టికెట్ చూసుకునేది దాన్ని బట్టే. మా ఇంట్లో పంపింది దాదాపు ఇలా ఉంటుంది, మీ వివరాలు పెట్టి ఇస్తున్నా:

"అందరికీ నమస్కారం. మా గృహప్రవేశ ముహూర్తం మారింది. కొత్త ముహూర్తం: 19వ తేదీ గురువారం రాత్రి, తెల్లవారితే 20వ తేదీ శుక్రవారం, తెల్లవారుజామున 3:52 గంటలకు. కాబట్టి దూరం నుంచి వచ్చేవారు గురువారం రాత్రి భోజనాల వేళకే వచ్చేయవలసిందిగా కోరుతున్నాం, పడుకోవడానికి ఏర్పాట్లు చేశాం. శుక్రవారం ఉదయం వ్రతం, మధ్యాహ్నం భోజనాలు ముందు చెప్పిన సమయానికే. సిద్ధాంతి గారు మళ్ళీ చూసి చెప్పడం వల్ల మార్చవలసి వచ్చింది, మీకు కలిగే ఇబ్బందికి మన్నించగలరు. గురువారం ఎన్ని గంటలకు చేరుకుంటారో దయచేసి తెలియజేయగలరు."

కింద మీ పేరు కాకుండా అమ్మానాన్నల పేర్లు పెట్టండి, పిలిచింది వాళ్ళు కాబట్టి మార్పు చెప్పేదీ వాళ్ళే అయితే పెద్దవాళ్ళకి గౌరవంగా ఉంటుంది. పాత టైమ్ మాత్రం ఇందులో ఎక్కడా రాయకండి, రెండు టైములు పక్కపక్కన కనిపిస్తే కళ్ళజోడు లేకుండా చదివే పెద్దవాళ్ళకి ఏదో ఒకటే గుర్తుంటుంది. కారణం కూడా ఆ ఒక్క ముక్క చాలు, వర్జ్యం వచ్చిందనో దుర్ముహూర్తం తగిలిందనో వివరం రాస్తే గ్రూపులో ఎవరో ఒకరు ఇంకో పంచాంగం తీసి మా దాంట్లో అలా లేదే అంటారు, ఇక చర్చంతా దాని మీదే.

చివర్లో ఎన్నింటికి చేరుకుంటారు అని అడిగింది ఊరికే మర్యాదకి కాదండి. "అలాగే" అనో దణ్ణం బొమ్మో వస్తే అర్థమైందో లేదో మనకి తెలీదు. మా మావయ్య "శుక్రవారం పొద్దున ఆరింటికి స్టేషన్లో దిగుతాం రా" అని రిప్లై ఇచ్చాడు, అంటే పాత లెక్కలోనే ఉన్నాడని వెంటనే తెలిసిపోయింది, నాన్న ఫోన్ చేసి చెప్తే ముందు రోజు బస్సుకి వచ్చారు.

ఇంకోటి, మెసేజ్ కన్నా ముందు ఫోన్ వెళ్ళాల్సిన వాళ్ళు కొందరుంటారు. ఆడపడుచులు, మేనమామ, వియ్యంకుల వైపు పెద్దవాళ్ళు, తాతయ్య తరం వాళ్ళు. వీళ్ళు గ్రూపులో చూసి తెలుసుకుంటే "మాకు ఒక్క మాట చెప్పలేదు" అన్నది ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. వాళ్ళకి ఫోన్లు అయ్యాక గ్రూపులో పెట్టండి, ఆలస్యం చేయకుండా అదే రోజు. వంటవాళ్ళకి కూడా అప్పుడే చెప్పేయండి, గురువారం రాత్రి భోజనాలు, తెల్లవారుజామున కాఫీలు కొత్తగా వచ్చి చేరాయి కదా.

పాత కార్డు ఫొటో ఇప్పటికే చేతులు మారి ఉంటుంది, గ్రూపులో డిలీట్ చేసినా ఫార్వర్డ్ అయినవి పోవు. కొత్త కార్డు ఫొటో మీదే పైన పెద్ద అక్షరాలతో "మారిన ముహూర్తం" అని వేయించండి, కింద టైప్ చేస్తే ఫార్వర్డ్ చేసేటప్పుడు ఆ మాట పోవచ్చు, ఫొటో మీద ఉంటే ఎటు వెళ్ళినా దాంతోపాటే వెళ్తుంది.

చిన్నపిల్లలున్న వాళ్ళు, మోకాళ్ళ నొప్పుల వాళ్ళు ఆ వేళకి రాలేమని బాధపడతారు, వాళ్ళకి విడిగా "మీరు తొందరపడొద్దు పిన్నీ, వ్రతం టైముకి రండి, అక్షింతలు అప్పుడు వేద్దురుగాని" అని మీరే ముందుగా చెప్పేయండి.