రాత్రి తొమ్మిదికి కుర్రాడు షాపులో ఎందుకున్నాడు?

ప్రశ్న: ఒంగోలులో నాకు లేడీస్ టైలరింగ్ షాపు ఉంది. 16, 17 ఏళ్ల కుర్రాళ్లు ఇద్దరు పని నేర్చుకుంటున్నారు. జీతం కాదు, ఖర్చులకు కొంత ఇస్తాను. వాళ్ల నాన్నలే బతిమాలి చేర్చారు. సంక్రాంతి ముందు రాత్రి 9 గంటలకు లేబర్ అధికారి వచ్చి, ఇద్దరూ హుక్కులు కుడుతుంటే ఫొటోలు తీసి నోటీసిచ్చారు. ఆరు నెలలైంది, ఇంకేమీ రాలేదు. గడువు దాటింది, కేసు ఉండదంటున్నారు. రిజిస్టరు లేదు, పాత తేదీలతో రాసి, 18 నిండినట్టు తండ్రుల చేత కాగితం తీసుకుంటే చాలంటున్నారు. టెన్షన్‌తో నిద్ర లేదు. సహాయం చేయబోతే నాకెందుకీ శిక్ష?

జవాబు: మీ మంచితనం కోర్టుకు అక్కర్లేదు. అధికారి అడుగు పెట్టినప్పుడు టైమెంత, ఆ రోజుకు కుర్రాళ్ల వయసెంత అన్నదే చూస్తారు. 1986 నాటి బాల, కౌమార కార్మిక చట్టం ప్రకారం 14 నిండి 18 నిండనివాళ్లు రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయకూడదు. చేయించడమే కాదు, చేయనివ్వడమూ తప్పే. అందుకే ‘నేర్చుకుంటున్నారు’ అన్నా, ‘తండ్రి ఒప్పుకున్నాడు’ అన్నా నిలబడదు. పెద్దవాడికి ఈలోగా 18 నిండినా, లెక్క ఆ జనవరి రాత్రి వయసుదే.

గడువు గురించి మీకు చెప్పినవాళ్లు సగమే చదివారు. జరిమానా మాత్రమే ఉన్న నేరాలకే ఆరు నెలలు. ఈ ఉల్లంఘనకు నెల వరకు సాధారణ జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. జైలు మాట ఉంది కాబట్టి ఫిర్యాదు వేయడానికి ఏడాది గడువుంటుంది. అంటే వచ్చే జనవరి దాకా కత్తి వేలాడుతూనే ఉంటుంది.

ఇక ఆ కాగితాల సలహా ఇచ్చినవాళ్లను షాపు మెట్లు ఎక్కనివ్వకండి. పదో తరగతి మార్కుల మెమోలో పుట్టినతేదీ ఉంటుంది, తండ్రి కాగితం దాని ముందు ఒక్క పూట నిలవదు. రిజిస్టరు లేదని అధికారి ఆ రాత్రే రాసుకుని ఉంటారు. ఇప్పుడు ఒకే పెన్నుతో ఆరు నెలల హాజరు రాసి కోర్టులో పెడితే అది దొంగ సాక్ష్యం సృష్టించడమే. దానికి ఏడేళ్ల వరకు జైలు. నెల రోజుల కేసును ఏడేళ్ల కేసు చేసుకుంటారా? షాపులో సీసీ కెమెరా ఉన్నా, రాత్రి పని చూపిస్తూ వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నా అవి కూడా మీ మీదే సాక్ష్యం చెబుతాయి. వాటిని చెరపకండి, అది ఇంకో తప్పు.

కుర్రాళ్లను పెట్టుకున్న 30 రోజుల్లో ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. మీరు అదీ చేసినట్టు లేదు. రిజిస్టరు కోసం పాతిక రూపాయల నోటుబుక్కు కొనడానికి ఇంత బద్ధకమా! ఈరోజే ఈరోజు తేదీతోనే మొదలుపెట్టండి. పేరు, పుట్టినతేదీ, చేసే పని, వచ్చిన, వెళ్లిన వేళలు, విరామం అందులో ఉండాలి. తెలిపే కాగితం ఆలస్యమైనా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి.

వేళలు ఇలా పెట్టుకోండి. ఏకబిగిన మూడు గంటలకు మించి పని ఉండకూడదు, ఆ తర్వాత గంట విరామం ఇవ్వాలి. విరామంతో కలిపి రోజు మొత్తం ఆరు గంటలు దాటకూడదు. అంటే అసలు పని ఐదు గంటలే. చిన్నవాడు ఉదయం 8కి వచ్చి 11 వరకు చేస్తాడు, మళ్లీ 12 నుంచి 2 వరకు. పెద్దవాడికి 18 నిండలేదనుకుంటే, ఒంటిగంట నుంచి 4, మళ్లీ 5 నుంచి 7. ఒంటిగంట నుంచి రెండు దాకా ఇద్దరూ ఉంటారు, మాస్టరు కటింగ్ నేర్పించాల్సింది అప్పుడే. మాస్టరు రాలేదని ఖాళీగా కూర్చున్నా ఆ సమయం లెక్కలోకి వస్తుంది. విరామంలో టీ తెమ్మన్నా, జాకెట్టు కస్టమరింటికి ఇచ్చి రమ్మన్నా అది విరామం కాదు. 7కి మూసేవాడు ఊడ్చి వెళ్లాలంటే 6:45కే సూది దించాలి. ఓవర్‌టైం అసలు లేదు, అదే రోజు ఇంకో షాపులో పని చేయించడమూ కుదరదు.

వారానికి ఒక పూర్తి రోజు సెలవు. ఏ రోజో రాసి కనిపించేచోట అతికించాలి, మూడు నెలల్లో ఒకసారికి మించి మార్చకూడదు. సంక్రాంతి వారంలో ఆదివారం రమ్మని మంగళవారం సెలవివ్వడం కుదరదు. పండగ రద్దీకి పెద్ద టైలర్లను రాత్రికి పెట్టుకోండి. హుక్కులు, ఫాల్స్ పని మిగిల్చి ఉంచితే కుర్రాళ్లు ఉదయం ఎనిమిదికి వచ్చి కుడతారు.

కేసు ముగించడానికి దారి ఉంది. ఇది మీ మొదటి తప్పయితే, రాజీ రుసుము కట్టి ముగించమని జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు, దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండోసారి దొరికితే ఆ వీలుండదు. నోటీసు కాపీ, కొత్త రిజిస్టరు, అతికించిన సెలవు నోటీసు ఫొటో పట్టుకుని లాయరు దగ్గరకు వెళ్లండి. నోటీసుకు జవాబు ఇంకా ఇవ్వలేదంటే ముందు అది రాయించండి.