‘నా అభిప్రాయం మాత్రమే’ అంటే కేసు పడదా?

ప్రశ్న: వీడియోలో ‘ఇది నా సొంత అభిప్రాయం’ అని వేస్తే, గుంటూరులో అమ్మే కారం ప్యాకెట్‌ను ఏమన్నా కేసు పడదా?

పడొచ్చు, ఆ మాట అభిప్రాయాన్నే కాస్తుంది, ఆరోపణను కాయదు. “ఘాటు లేదు, ఈ ధరకు దండగ” అనేది అభిప్రాయం. “రంగు కలుపుతున్నారు” అనేది నిజమో అబద్ధమో తేలే విషయం, కాబట్టి రుజువు చూపాల్సింది మీరే. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టానికి 2 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. పైగా క్రిమినల్ కేసులో నిజమని తేల్చినా సరిపోదు, ప్రజల మేలు కోసమే చెప్పానని కూడా చూపించాలి.

కెమెరా ముందు గ్లాసు నీళ్లలో కారం వేసి, ఎర్రగా దిగింది కదా అని తేల్చేయకండి. బిల్లు, బ్యాచ్ నంబరు దాచుకుని, సీలు తీయని ప్యాకెట్‌ను గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపండి. రిపోర్టులో రంగు తేలితే, “నేను కొన్న ఈ బ్యాచ్ ప్యాకెట్‌లో ఇది ఉందని రిపోర్టు చెప్పింది” అనండి. కంపెనీ మొత్తాన్ని దొంగ అనడానికి ఆ ఒక్క కాగితం చాలదు.

పేరు చెప్పకుండా లేబుల్ మసకగా చూపిస్తే చాలనుకుంటారు చాలామంది. ఎవరి గురించో చూసేవాళ్లు గుర్తుపట్టగలిగితే పేరు చెప్పినట్టే. షేర్ల వీడియోల్లోనూ ఇదే తంతు: ‘చదువు కోసమే’ అని రాసి, ఫలానా షేరు కొనమంటే అది సలహానే, దానికి సెబీ రిజిస్ట్రేషన్ అడుగుతారు.