నోటు ఫోటో ఎలా తీసి పంపాలంటే

శ్రీనూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన రెండు ఐదొందల నోట్ల ఫోటోలు చూశాను. "మామయ్యా, మొదటిది తేడాగా ఉంది, రెండోది ఓకే కదా?" అని అడిగావు. వెంటనే జవాబు ఇవ్వకపోవడానికి కారణం ఉంది. కొట్టులో ట్యూబ్‌లైట్ కింద, బల్ల మీద పెట్టి, పైనుంచి తీసిన ఒక్క ఫోటోతో ముప్పై ఏళ్ళు క్యాష్ కౌంటర్లో కూర్చున్న నేను కూడా ఏమీ చెప్పలేను. అందుకే ఈ పొద్దున ఫోన్ చేసి అలా తియ్యి, ఇలా తియ్యి అని అన్నిసార్లు విసిగించాను. ఎందుకలా తీయమన్నానో రాస్తున్నాను, వచ్చేసారి నువ్వే చూసుకుంటావు.

ముందు ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకో. ఫోటో చూసి ఒక నోటు దొంగదని చెప్పగలం కానీ, అసలుదని మాత్రం ఎప్పటికీ ఖాయంగా చెప్పలేం. గాంధీ గారి బొమ్మ, అశోక స్తంభం మీద వేలితో రాస్తే తగిలే గరుకు, రెండు అంచుల్లో ఉండే ఐదేసి ఏటవాలు గీతల ఎత్తు, కాగితం పెళపెళ, ఇవేవీ ఫోటోలోకి రావు. కాబట్టి ఫోటోలో అంతా బాగుందనిపించినా, నోటు చేతిలో పెట్టుకుని తడిమి చూడాల్సిందే.

ఇప్పుడు నీ నోట్ల సంగతి. నువ్వు అనుమానపడ్డ మొదటి నోటు రంగు వెలిసి, మెత్తబడి ఉంది. పైగా నంబరులో నక్షత్రం గుర్తు ఉందని కంగారుపడ్డావు. ఆ నక్షత్రం తప్పు కాదురా. అచ్చులో పాడైన నోటు బదులు కట్టలో పెట్టే నోటుకు ఆ గుర్తు వేస్తారు, అవి చెల్లుతాయని ఆర్‌బీఐ 2023లో మళ్ళీ చెప్పింది కూడా. వెలిసిపోవడానికి చాలాసార్లు కారణం ప్యాంటు జేబులో ఉండి బట్టలతో పాటు ఉతుక్కుపోవడమే. రంగు చూసి నోటును నిర్ణయించొద్దు, ఫోటోలో అయితే అసలే వద్దు, ఎందుకంటే ఫోను తనకు నచ్చినట్టు రంగు సర్దేస్తుంది.

అందుకే వెలుతురుకు ఎదురుగా పట్టి తీయమన్నాను. పగటిపూట కిటికీ దగ్గర నోటును నిలబెట్టి, ఫోనులో వాటర్‌మార్క్ ఉండే ఖాళీ జాగా మీద వేలితో నొక్కితే వెలుతురు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. అలా నొక్కకపోతే కిటికీ వెలుగుకు నోటు నల్లగా పడి పనికిరాదు. నీ మొదటి నోటులో గాంధీ గారి ముఖం మెల్లగా మసకనుంచి వెలుగులోకి వచ్చినట్టు కనిపించింది, చెంప దగ్గర ఒక నీడ, నుదురు దగ్గర ఇంకో నీడ, ఎక్కడా గీత గీసినట్టు అంచు లేదు. పక్కన 500 అంకె ముఖం కంటే ఎక్కువ వెలుగుగా ఉంది. కాగితం తయారయ్యేటప్పుడే, తడిగా ఉండగానే, ఒకచోట పలచగా ఒకచోట మందంగా చేయడం వల్ల వచ్చే నీడలు అవి, సిరాతో రావు.

రెండోది చూడు, నువ్వు ఓకే అన్నది. వెలుతురుకు పెడితే బొమ్మ ఇంకా స్పష్టంగానే వచ్చింది, అదే నాకు నచ్చలేదు. ముఖం చుట్టూ పెన్సిలుతో గీసినట్టు ఒకే మందంలో అంచు ఉంది, లోపల నీడల్లో తేడా లేదు. ఇక నువ్వు రాత్రి బల్ల మీద పెట్టి తీసిన ఫోటోను పెద్దది చేసి చూస్తే, వెనక వెలుతురు లేకుండానే అక్కడ ఆ బొమ్మ బూడిదరంగులో కనబడుతోంది. అసలు నోటులో మామూలుగా పెట్టి చూస్తే ఆ జాగా దాదాపు ఖాళీగానే ఉంటుంది. అంటే ఇక్కడ కాగితం మీద లేత సిరాతో అచ్చేశారు.

నోటు కాగితంలో నిలువుగా ఉండే భద్రతా దారం దగ్గరికి వద్దాం. దానికి ఒక ఫోటో చాలదు, రెండు కావాలి: ఒకటి నిటారుగా, ఇంకోటి నోటును ఏటవాలుగా వంచి. 2016 నుంచి వస్తున్న ఐదొందల నోటులో దారం ముందువైపు ముక్కలు ముక్కలుగా పైకి తేలి ఆకుపచ్చగా కనిపిస్తుంది, వంచితే నీలం అవుతుంది. కింద కుడివైపు ₹500 అని ఉన్న సిరా కూడా అంతే. వెలుతురుకు పెడితే ముక్కలన్నీ కలిసి పైనుంచి కిందిదాకా ఒకటే గీత కావాలి. నీ మొదటి నోటులో ఉతికినా రంగు మారింది. రెండోదాంట్లో రెండు ఫోటోల్లోనూ ఒకటే పచ్చ, వెలుతురుకు పెట్టినప్పుడు ముక్కల మధ్య ఏమీ లేదు. దారం లేదక్కడ, పచ్చటి మెరుపు కాగితం ముక్కలు అంటించారంతే. దారం గాంధీ గారికి దగ్గరగా ఉంటే నకిలీ, గవర్నరు సంతకానికి దగ్గరగా ఉంటే అసలు అని నీకొచ్చిన మెసేజ్‌ను మాత్రం నమ్మకు, అది పుకారు.

సన్న అచ్చు అన్నిటికంటే కష్టం, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. భారత్ అని హిందీలో, ఇండియా అని ఇంగ్లీషులో ఉండే సూక్ష్మాక్షరాలు వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో కనబడలేదంటే నోటు తప్పని కాదు, వాట్సాప్ ఫోటోను కుదించి వాటిని చెరిపేసి ఉంటుంది. డాక్యుమెంట్‌గా పంపమన్నది అందుకే. ఫోనును నోటుకు మరీ దగ్గరగా తీసుకెళ్తే మసకబారుతుంది, నీ పక్కన వాచీలు బాగుచేసే అతని దగ్గర భూతద్దం అడిగి కెమెరా ముందు పెట్టి తియ్యి. అప్పుడు కూడా అక్షరాలు చదవడానికి తంటాలు పడకు, గాంధీ గారి బొమ్మ చుట్టూ, వెనక ఎర్రకోట దగ్గర ఉన్న సన్నగీతలు చూడు. అసలుదాంట్లో గీత ఒకే రంగుతో తెగకుండా వెళ్తుంది. కంప్యూటర్ ప్రింటర్‌లో తీసినదైతే గీత బదులు ఎరుపు, నీలం, పసుపు చుక్కలు పక్కపక్కన చల్లినట్టు ఉంటాయి. నీ రెండో నోటులో అలాగే ఉన్నాయి. ఎప్పుడూ బ్యాంకులో తీసుకున్న నోటు ఒకటి పక్కనే పెట్టి, అదే వెలుతురులో తియ్యి, లేకపోతే కెమెరా చేసిన తప్పును నోటు మీద వేస్తాం. ఒకవేళ దొంగ అచ్చు మంచి యంత్రంలో జరిగితే చుక్కలు కూడా ఉండకపోవచ్చు, అందుకే ఈ ఒక్కదాని మీద ఆధారపడకు.

ఫోనులో ఆర్‌బీఐ వాళ్ళ మణి యాప్ పెట్టుకున్నానన్నావు. అది చూపులేనివాళ్ళకు ఎంత విలువ నోటో చెప్పడానికి చేసింది, అసలో నకిలీనో చెప్పదు. నోట్ల వివరాలకు paisaboltahai.rbi.org.in చూడు.

ఆ రెండో నోటును ఎవరికీ ఇవ్వకు. దొంగదని తెలిసీ చలామణీ చేస్తే నేరం నీ మీదికి వస్తుంది. రేపు బ్యాంకుకు తీసుకెళ్తే ముద్ర వేసి ఉంచుకుని రసీదు ఇస్తారు, డబ్బు తిరిగి రాదు, ఐదొందలు పోయినట్టే. ఒకేసారి నాలుగు నోట్ల వరకు అయితే బ్యాంకు నెలాఖరుకు పోలీసులకు కలిపి తెలియజేస్తుంది, ఐదు గానీ అంతకు మించి గానీ ఉంటే అప్పుడే ఫిర్యాదు చేస్తుంది. వెళ్ళే ముందు గల్లాపెట్టెలో ఈ వారం వచ్చిన ఐదొందలన్నీ తీసి నంబర్లు చూడు. దొంగ అచ్చులో తరచూ ఒకే నంబరును చాలా నోట్ల మీద వేస్తారు. ఇదే నంబరుతో ఇంకోటి దొరికితే రాత్రి ఎంతైనా సరే నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య