కందిరీగ కుట్టి వచ్చిన మనిషికి ముందు ఏ సూది వేయాలి

అమ్మలూ,

మందస దగ్గర పల్లెలో నీకు క్లినిక్ ఇచ్చారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. జీడితోటల్లో పనులు మొదలయ్యాయంటే కందిరీగ కుట్టిందని నీ దగ్గరికి వస్తూనే ఉంటారు. నర్సుగా ఇన్నేళ్లు చేసిన దాన్ని కాబట్టి ఈ ఒక్క విషయం వివరంగా రాస్తున్నాను.

వచ్చినవాళ్లలో చాలామందికి కుట్టిన చోట వాపూ మంటా తప్ప ఏమీ ఉండదు. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచి దురద పెడుతుంది. ఊపిరి, గొంతు, బీపీ బాగుండి, వాంతులు లేకపోతే సెట్రిజిన్ ఇచ్చి, కాసేపు కళ్లెదుట కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది. అలర్జీ చర్మం దాటి లోపలికి వెళ్లినప్పుడే అనఫైలాక్సిస్. గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, ఆగని వాంతులు, కళ్లు తిరగడం చూడు. దద్దుర్లు లేవు కదా అని ధీమా పడకు, కొందరికి చర్మం మీద ఏమీ కనిపించకుండానే బీపీ పడిపోతుంది.

నేను చూసిన ఒక కేసు చెబుతాను. నలభై దాటిన మనిషి, అరవై కిలోలుంటాడు. మెడ మీద ఒక్కటంటే ఒక్క కందిరీగ కుట్టింది. పావుగంటలో బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తెచ్చారు. పొట్ట మీద దద్దుర్లు, ఒకసారి వాంతి. "నాకేటో అయిపోతంది సిస్టరమ్మా" అంటున్నాడు. రోగి అలా అంటే టెన్షన్‌తో అంటున్నాడని కొట్టిపారేయకు, అదీ ఒక లక్షణమే. బీపీ చూస్తే 80/50.

అంత త్వరగా ఎందుకు ముదురుతుందంటే, ఇంతకుముందు కుట్టినప్పుడే ఒంట్లో ఆ విషానికి సరిపడే ఐజీఈ యాంటీబాడీలు తయారై మాస్ట్ కణాల మీద కూర్చుని ఉంటాయి. ఆ కణాల్లో హిస్టమిన్ లాంటివి ముందే తయారై నిండి ఉంటాయి. విషం తగలగానే కొత్తగా ఏదీ తయారు కానక్కర్లేదు, నిమిషాల్లో అన్నీ బయటికి పడతాయి. ఆ వెనకే ఊపిరి గొట్టాలను బిగించే మరికొన్ని రసాయనాలు పుట్టుకొస్తాయి. రక్తనాళాలు ఒళ్లంతా ఒకేసారి వదులై, చిల్లులు పడ్డ గోనెసంచిలా కారిపోతాయి. పది నిమిషాల్లో నాళాల్లోని ద్రవంలో మూడో వంతు దాకా కండల్లోకి, చర్మంలోకి జారిపోవచ్చు. చుక్క రక్తం బయటికి రాకుండానే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గిపోతుంది.

ఇప్పుడు చేయి ఎవిల్, హైడ్రోకార్టిజోన్ వైపు పోతుంది. మన వైపు చాలాచోట్ల అదే అలవాటు, నాకు అస్సలు నచ్చని అలవాటు. ఎవిల్ హిస్టమిన్ ఒక్కదాన్నే అడ్డుకుంటుంది. దురద తగ్గిస్తుంది కానీ పడిపోయిన బీపీని లేపదు, బిగిసిన ఊపిరి గొట్టాన్ని తెరవదు. హైడ్రోకార్టిజోన్ పని మొదలవడానికి గంటలు పడుతుంది. అడ్రినలిన్ వదులైన నాళాలను బిగిస్తుంది, గొంతు వాపు తగ్గిస్తుంది, గుండె కొట్టుకునే బలం పెంచుతుంది, ఊపిరి గొట్టాలు తెరుస్తుంది. మాస్ట్ కణాలు ఇంకా వదలకుండా కూడా ఆపుతుంది. అందుకే ముందు అదే వేయాలి.

ఆ మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాం. ఒక మి.లీ.లో ఒక మి.గ్రా. ఉండే ఆంప్యూల్ నుంచి 0.5 మి.లీ. తీసి, తొడ బయటివైపు మధ్యలో కండలోకి నిటారుగా వేశాను. ప్యాంటు విప్పించే టైమ్ లేకపోతే బట్ట మీంచే వేయొచ్చు. చర్మం కింద వేస్తే రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది. నరంలోకి మాత్రం నువ్వు వేయకు, గుండె లయ తప్పుతుంది. పిల్లలకైతే కిలోకు 0.01 మి.గ్రా. లెక్క, ఎంత బరువున్నా అర మి.గ్రా. దాటకూడదు.

ఐదు నిమిషాలకు బీపీ 84 దగ్గరే ఉంది. రెండో తొడకు మళ్లీ అంతే వేసి, సెలైన్ వేగంగా వదిలాం. ఈలోగా 108 పిలిచారు. ఇంకో పది నిమిషాలకు 110కి వచ్చింది. చేతులు వణికాయి, గుండె దడదడలాడింది, అది మందు ప్రభావమే, కంగారు పడక్కర్లేదు.

కాస్త తేరుకోగానే ఆయన లేచి బాత్రూమ్‌కి వెళ్తానన్నాడు. వాళ్లావిడా "సర్లే" అంది. నేను లేవనివ్వలేదు. నాళాలు ఇంకా ఖాళీగానే ఉంటాయి కాబట్టి ఒక్కసారిగా నిలబడితే గుండెకు రక్తం అందక అక్కడికక్కడే ఆగిపోయే ప్రమాదముంది. ఊపిరి ఆడక కూర్చుంటానంటే కూర్చోనివ్వు, కాళ్లు మాత్రం చాచి ఉండాలి.

బాగున్నా టెక్కలి ఆసుపత్రికి పంపడం తప్పనిసరి. మందు తగ్గాక కొన్ని గంటలకు మళ్లీ మొదలవ్వచ్చు. చీటీలో ఎంత వేశావో, ఎన్నింటికి వేశావో రాసి పంపు. బీపీకో గుండెకో అటెనలాల్ లాంటి మాత్ర వాడుతున్నాడేమో అడిగి అదీ రాయి, వాళ్లకు అడ్రినలిన్ సరిగా పట్టదు, డాక్టరుకు వేరే మందు కావలసి రావచ్చు.

రేపు క్లినిక్‌కి వెళ్లగానే కిట్ తెరిచి ఆంప్యూళ్లు వెలుతురులో చూడు. మందు గోధుమ రంగుకు తిరిగినా, తేదీ దాటినా పక్కన పెట్టి ఇండెంట్ పెట్టు.

మీ పెద్దత్త