మ్యూట్ మీమ్స్ నిజంగా జరిగేవేనా?

"వర్క్ ఫ్రమ్ హోమ్ మీద మీమ్స్ అన్నీ మ్యూట్‌లో మాట్లాడేవాళ్లు, కెమెరా ఆఫ్, కాల్‌లోకి దూరే పిల్లులు, కుక్కల చుట్టూనే తిరుగుతాయి. నిజంగా ఇన్నిసార్లు జరుగుతుందా, అతిగా చూపిస్తారా?"

జరుగుతుంది. హైదరాబాద్‌లో మా టీమ్ కాల్స్‌లో "మీరు మ్యూట్‌లో ఉన్నారండీ" అనే మాట లేని రోజు తక్కువ.

కారణం ఏమిటంటే, మన మాట మనకు ఎలాగూ వినిపిస్తుంది కదా, అవతలికి పోవట్లేదని మాట్లాడేవాడికి తనంతట తానుగా తెలియదు. మ్యూట్‌లో మాట్లాడితే జూమ్, టీమ్స్ తెరమీద హెచ్చరిస్తాయి. కానీ హెడ్‌సెట్ తీగ మీద ఇంకో మ్యూట్ బటన్ ఉంటుంది చూడండి, అసలు చిక్కు దానితోనే. కొన్ని హెడ్‌సెట్లలో అది నొక్కితే యాప్‌కు ఏ శబ్దమూ అందదు, అందుకే హెచ్చరిక కూడా రాదు. తెరమీద మైక్ ఆన్‌లోనే కనిపిస్తుంది. మా సహోద్యోగి ఒకాయన ఇలాగే డెమో మొత్తం చెప్పేశాడు, చివర్లో "ఏమైనా డౌట్స్ ఉన్నాయా?" అని కూడా అడిగాడు. మేం చాట్‌లో అరుస్తూనే ఉన్నాం, ఆయన స్క్రీన్ షేర్‌లో మునిగి అటు చూస్తేగా! మైక్ గుర్తు ఆన్‌లో ఉండి, మాట్లాడుతున్నా అది కదలకపోతే తీగ మీద బటన్ చూసుకోవాలి.

కెమెరా ఆఫ్‌లో పెద్ద రహస్యమేమీ లేదు. సగం లుంగీ, సగం నెట్. నెట్ నెమ్మదిస్తే వీడియో ఆపడం వల్ల మాట తెగకుండా వినిపిస్తుంది.

పిల్లుల మీమ్స్‌కు మకుటం మాత్రం 2021 ఫిబ్రవరి 9న అమెరికాలో టెక్సస్ కోర్టు జూమ్ విచారణే. రాడ్ పాంటన్ అనే లాయరు తన సెక్రటరీ కంప్యూటర్ నుంచి చేరితే, అందులో ఉన్న ఫిల్టర్ వల్ల ఆయన ముఖం స్థానంలో తెల్ల పిల్లిపిల్ల కనిపించింది. ఆయన కళ్లు తిప్పితే దాని కళ్లూ బెదురుగా తిరిగేవి. తాను పిల్లిని కానని జడ్జికి మనవి చేసుకోవాల్సి వచ్చింది పాపం. ఆ వీడియో బయటపెట్టిందీ ఆ జడ్జి రాయ్ ఫెర్గూసనే.

మన ఇళ్లలో పిల్లి కంటే అమ్మే ఎక్కువ దూరుతుందని నా అనుభవం. యాప్‌లోని నాయిస్ ఫిల్టర్ మిక్సీ రొదనూ వీధి కుక్క అరుపునూ చాలావరకు తగ్గిస్తుంది. అది మనిషి గొంతును కాపాడి మిగతాది తీసేయడానికి చేసింది మరి. అందుకే మా ఇంట్లో కుక్కర్ విజిల్ ఎవరికీ వినపడలేదు గానీ, "ఒరేయ్, ఉప్మా చల్లారిపోతోంది, ఎప్పుడు తింటావురా?" అన్నది మాత్రం బెంగళూరు క్లయింట్ దాకా స్పష్టంగా వెళ్లింది. ఆయనా తెలుగువాడే. ముందు తినేసి రండి, తర్వాత మాట్లాడదాం అన్నాడు.