దరఖాస్తులో పుట్టిన తేదీ తారుమారు

ప్రశ్న: హనుమకొండలోని ఒక నెట్ సెంటర్‌లో మా తమ్ముడి దరఖాస్తు నింపాము. 07/03/2004 అని సరిగ్గానే టైప్ చేసినా, ప్రింటులో జూలై 3 అని వచ్చింది. ఎందుకు?

జవాబు: ఆ కంప్యూటర్ అమెరికా ఇంగ్లీషు అమరికలో ఉండి ఉంటుంది. తేదీ పెట్టె ఏ వరుసలో కనిపించాలో చాలాసార్లు వెబ్‌సైటు కాకుండా బ్రౌజరే నిర్ణయిస్తుంది. అమెరికా అమరికలో అది `mm/dd/yyyy`, అంటే నెల ముందు, రోజు తరువాత. కాబట్టి మీరు రోజుగా కొట్టిన 07ను నెలగా తీసుకుని, వెబ్‌సైటుకు `2004-07-03` అని పంపింది. జూలై 3 కూడా నిజమైన తేదీయే కనుక ఏ హెచ్చరికా రాలేదు. మీ తమ్ముడు మార్చి 25న పుట్టి ఉంటే, 25వ నెల లేదు కనుక అంకెలు చెదిరి తప్పు అక్కడికక్కడే కంటపడేది. రోజు 12 లోపు ఉన్నవారికే ఈ చిక్కు. 05/05 వంటివైతే తారుమారైనా తేడా రాదు.

టైప్ చేసే ముందు ఖాళీ పెట్టెలో లేతగా కనిపించే అక్షరాలలో `dd` ముందుందో `mm` ముందుందో చూడండి. ఆపైన క్యాలెండర్ గుర్తు నొక్కితే నెల పేరు అక్షరాలలోనే కనిపిస్తుంది. అక్కడ మార్చి బదులు జూలై తెరుచుకుంటే సమర్పించక ముందే దిద్దుకోవచ్చు.