ఉప్పెన ముందు స్వేచ్ఛా సంకల్ప వాదం

ప్రశ్న: మనిషికి దేవుడు స్వేచ్ఛ ఇచ్చాడు కాబట్టే లోకంలో చెడు ఉందంటారు. సరే, హత్యలకూ మోసాలకూ అది చెల్లుతుంది. తుఫాన్ల సంగతేంటి? ఈ వాదన అసలు నిలబడుతుందా?

ఒక మేరకు నిలబడుతుంది. ఆ మేర ఎంతో తెలియడానికి ఫిలాసఫీ ఎంఏలో నాకు దాదాపు ఏడాది పట్టింది.

మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆమె రెండేళ్ల కొడుకు పోయాడు. ఆమె తాటిచెట్టు పట్టుకుని బతికింది, చంకలో ఉన్నవాణ్ణి మాత్రం నీళ్లు లాక్కుపోయాయి. ఈ కథ వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఈ స్వేచ్ఛ వాదనను పదునుపెట్టిన అమెరికన్ తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా పేరు క్లాసులో వినగానే నేనడిగిందీ మీరడిగిన ప్రశ్నే.

ముందు ఆయన ఎవరికి జవాబు చెప్తున్నాడో చూడాలి. 1955లో జె.ఎల్. మాకీ అనే నాస్తిక తత్వవేత్త ఒక వ్యాసం రాశాడు. దేవుడు సర్వశక్తిమంతుడు, సంపూర్ణంగా మంచివాడు, అయినా చెడు ఉంది: ఈ మూడూ ఒకేసారి నిజం కాలేవన్నాడు. దేవుడు ఉండే అవకాశం తక్కువ అని కాదు, ‘పెళ్లయిన బ్రహ్మచారి’ అన్నట్టు మాటలోనే వైరుధ్యం ఉందని. స్వేచ్ఛ సంగతి కూడా ఆయనకు తెలుసు. ఒక మనిషి ఒకసారి స్వేచ్ఛగా మంచి ఎంచుకోగలిగితే, ప్రతిసారీ అలాగే ఎంచుకోవడం అసాధ్యమేమీ కాదుగా, అలాంటివాళ్లనే పుట్టించి ఉండొచ్చుగా అని అడిగాడు. గట్టి ప్రశ్న.

1974లో ప్లాంటింగా ఇచ్చిన జవాబు లంచం ఉదాహరణతో తేలిగ్గా అర్థమవుతుంది. ఒక గుమాస్తా ముందు ఐదువేలు పెట్టారనుకోండి. అతను తీసుకునే లోకం ఒకటి, వద్దనే లోకం ఒకటి, రెండూ సాధ్యమే. కానీ ఆ క్షణంలో అతన్ని అతని మానాన వదిలేస్తే తీసుకుంటాడు అన్నది నిజమైతే, ‘అతను స్వేచ్ఛగా వద్దన్న లోకాన్ని’ దేవుడు తేలేడు. చేయి పట్టుకు ఆపితే అది స్వేచ్ఛ కాదు. అంటే ఊహకు అందే లోకాలన్నీ దేవుడి చేతిలో ఉండవు, కొన్ని గుమాస్తా చేతిలో ఉంటాయి. దేవుడు పుట్టించగల ప్రతి మనిషీ, ఏ పరిస్థితిలో పెట్టినా, ఎక్కడో ఒకచోట ఇలాగే తప్పు చేసేవాడే అయి ఉండొచ్చు.

‘అయి ఉండొచ్చు’ అన్న మాటలోనే ఉంది అసలు కిటుకు. అలా ఉందని ప్లాంటింగా అనడు. మాకీ వైరుధ్యం ఉందన్నాడు కాబట్టి, మూడూ కలిసి నిజమయ్యే ఒక్క అవకాశం చూపిస్తే చాలు, ఆ కేసు పోతుంది. అందుకే దీన్ని డిఫెన్స్ అంటారు. దేవుడు చెడును ఎందుకు ఉంచాడో అసలు కారణం చెప్పబోయేది థియడిసీ. ఈ తేడా పట్టుకోకపోతే మిగతాదంతా గందరగోళమే.

ఇక తుఫాను. దుష్ట ఆత్మల స్వేచ్ఛ వల్ల కూడా ప్రకృతి విపత్తులు రావచ్చు కదా అంటాడు ప్లాంటింగా. నేను పకపకా నవ్వాను. మా మాస్టారు నవ్వలేదు. “అందులో వైరుధ్యం ఉందా? లేదుగా. అయితే దాని పని అయిపోయింది” అన్నారు. నిజమే, మాకీకి అది చాలు.

మా అమ్మమ్మకు చాలదు. 1979లో విలియం రో అనే ఇంకో తత్వవేత్త ఆట నియమమే మార్చేశాడు. అడవికి నిప్పంటుకుందనుకోండి, ఒక జింకపిల్ల కాలి రోజుల తరబడి నరకం చూసి చచ్చిపోయింది, ఎవరూ చూడలేదు. దీనివల్ల ఒరిగిన మేలేంటి? దేవుడు అసాధ్యమని రో అనడు, ఇలాంటివి దేవుడు లేడనడానికి మంచి సాక్ష్యమంటాడు. ఇక్కడ ‘అయి ఉండొచ్చు’ పనికిరాదు, నమ్మదగిన కారణం కావాలి. కష్టాల్లో మనిషి ఎదుగుతాడన్న జాన్ హిక్ థియడిసీ పెద్దవాళ్ల విషయంలో కాస్త నప్పుతుంది. రెండేళ్లవాడు ఏం ఎదిగాడు? ఆ ఎదుగుదల చనిపోయాక కూడా సాగుతుందని హిక్ అనాల్సి వచ్చింది. నాకది అప్పు తీర్చడానికి చేసిన ఇంకో అప్పులా అనిపిస్తుంది.

మనవాళ్ల జవాబు కర్మ. బ్రహ్మసూత్రాల్లో (2.1.34) ఈ చర్చే ఉంది. వాన అందరికీ ఒకేలా కురుస్తుంది, మొలకలో తేడా విత్తనానిది అంటారు శంకరులు. ఈశ్వరుడికి పక్షపాతం, క్రూరత్వం అంటవు. మరి మొట్టమొదటి కర్మ ఎక్కడిదంటే, సంసారం అనాది, మొదలు లేదు అని తర్వాతి సూత్రం. తర్కానికి ఇది ప్లాంటింగా కంటే తుఫానుకు బాగా నప్పుతుంది, ఆత్మలను పిలవక్కర్లేదు. ప్రశ్న మాత్రం ఒక్కో జన్మ వెనక్కి జరుగుతూ పోతుంది.

“వాడి రుణం అంతే, తీరిపోయింది” అని అప్పట్లో పరామర్శకొచ్చినవాళ్లు అన్నారట. “రెండేళ్లవాడికి రుణమేంటే, నా పాలు తాగిన రుణమా?” అని వాళ్ల మీద విరుచుకుపడిందట అమ్మమ్మ. అనాది అన్న జవాబు నాకు తెలిసేనాటికి ఆమె బతికే ఉంది. నేను చెప్పలేదు.